ఈనిన పైరు ఫోటోలో గోధుమ, బార్లీ, ఓట్స్‌ను గుర్తుపట్టడం: కంకి, శూకాల ఆధారంగా సమగ్ర మార్గదర్శి

పొలం ఫోటో చూసి అది గోధుమో బార్లీయో ఓట్సో తేల్చవలసి వచ్చినప్పుడు, చాలామంది కళ్లు ముందుగా శూకాల మీదికే పోతాయి. కంకి నుంచి పొడుచుకొచ్చే సన్నని మీసాలనే శూకాలంటారు. పొడవాటి మీసాలు కనిపిస్తే బార్లీ, కనిపించకపోతే గోధుమ అన్న లెక్కతోనే ఎన్నో ఫోటోలకు పేర్లు పడిపోతుంటాయి, తప్పులలో ఎక్కువ భాగం కూడా అక్కడే పుడుతుంది. గోధుమలో శూకాలున్న రకాలూ ఉన్నాయి, దాదాపు లేని రకాలూ ఉన్నాయి. డ్యూరం అనే గోధుమ జాతి శూకాలు పొడవులో బార్లీకి ఏమాత్రం తీసిపోవు. బార్లీలోనేమో శూకానికి బదులు గింజ కొసన చిన్న ముసుగులాంటి మడత ఉండే రకాలు కూడా సాగులో ఉన్నాయి. అందువల్ల ఈ మార్గదర్శిలో శూకానికి మూడో స్థానమే ఇచ్చాను. మొదట కంకి కొమ్మలు వేసిందా లేదా అన్నది చూడాలి, తరువాత కంకి నడిమి కాడకు చిరుకంకులు ఎలా అతుక్కుని ఉన్నాయో చూడాలి, ఆ రెండూ తెలిశాకే శూకం చెప్పే మాట వినాలి.

ఏ దశలో తీసిన ఫోటో పనికొస్తుంది

ఈ ధాన్యపు పైర్ల ఎదుగుదలను చెప్పడానికి 1974లో ప్రచురితమైన జాడాక్స్ కొలమానాన్ని వాడతారు. అందులో పొట్ట ఆకు ఒర నుంచి కంకి కొస తొలిసారి కనిపించినప్పుడు 51, సగం బయటికి వచ్చినప్పుడు 55, పూర్తిగా వెలువడినప్పుడు 59 అని అంకెలు వేస్తారు. పూత 60ల లోనూ, గింజ పాలు పోసుకోవడం 70ల లోనూ వస్తాయి. ఫోటోతో గుర్తుపట్టడానికి అన్నిటికన్నా అనువైన సమయం 59 నుంచి గింజ పాలు పోసుకునే నడిమి రోజుల దాకా ఉంటుంది. అంతకుముందు కంకి అడుగు భాగం ఇంకా ఒరలోనే ఉండి అసలు ఆనవాళ్లను దాచేస్తుంది. ముఖ్యంగా 49 అంకె దగ్గర, అంటే ఒర చీలిన చోట శూకాల కొసలు మాత్రమే బయట కనిపించే పూటల్లో, శూకాలున్న గోధుమనూ బార్లీనీ కంకి ఫోటోతో వేరు చేయడానికి పూనుకోకపోవడమే మంచిది. ఇక పంట పండబారిన తరువాత రంగులన్నీ ఒకే గడ్డిరంగులోకి దిగిపోతాయి, శూకాలు విరుగుతాయి, బార్లీ కంకులు మెడ వంచేస్తాయి. అప్పుడు కూడా గుర్తించవచ్చు గాని పచ్చి కంకిలో ఉన్నంత స్పష్టత ఉండదు.

ముందుగా తెలియవలసిన భాగాలు

పేర్ల పట్టికలు పెద్దవి చేయకుండా నాలుగు భాగాలు గుర్తుంచుకుంటే చాలు. కంకి మధ్యలో నిలువుగా పోయే ఇరుసును నడిమి కాడ అనుకుందాం. దాని మీద మెట్లు మెట్లుగా కణుపులు ఉంటాయి. ఆ కణుపుల మీద కూర్చునే చిన్న పొట్లం లాంటి దానిని చిరుకంకి అంటారు. ఒక చిరుకంకిలో ఒక పువ్వే ఉండవచ్చు, చాలా పువ్వులూ ఉండవచ్చు. పువ్వు పండితే గింజ అవుతుంది. చిరుకంకి అడుగున రెండు వైపులా దానిని పట్టుకుని ఉండే రెండు రేకులను గ్లూమ్‌లు అంటారు. పువ్వును నేరుగా కప్పే బయటి పొట్టు వేరు. శూకం పుట్టేది ఆ పొట్టు నుంచే. బార్లీలోనూ గోధుమలోనూ అది పొట్టు కొస నుంచి లేస్తుంది, ఓట్స్‌లో శూకమంటూ ఉంటే పొట్టు వీపు మీద నుంచి లేస్తుంది. ఈ గ్లూమ్‌ల వెడల్పే చివరికి తీర్పు చెప్పేది కాబట్టి దీని సంగతి ముందుగా గుర్తుపెట్టుకోవాలి.

ఫోటో తీసే పద్ధతి

తీసే పని మీ చేతిలో ఉంటే, ఒక్కో పొలానికి నాలుగు ఫోటోలు చాలు. గట్టున నిలబడి తీసిన ఒక్క ఫోటో ఎంత అందంగా ఉన్నా చాలదు. గట్టు వెంబడి వెనుకటి పంట గింజలు రాలి మొలిచిన మొక్కలు, కలుపు గడ్డి ఎక్కువగా ఉంటాయి, అందుచేత కనీసం పది అడుగులు లోపలికి నడిచి, విత్తిన సాళ్లలో నిలిచిన మొక్కలనే ఎంచుకోవాలి.

మొదటి ఫోటో నడుము ఎత్తు నుంచి పైరు మొత్తం కనిపించేలా తీయాలి. రెండోది ఒకే కంకిది, శూకాల కొసల దాకా చట్రంలో పట్టేలా, వెనుక అరచేయి గాని ముదురు రంగు గుడ్డ గాని పెట్టి తీయాలి. వెనుక ఏమీ లేకపోతే ఫోన్ కెమెరా సన్నని శూకాలను వదిలేసి దూరపు పచ్చదనం మీద దృష్టి నిలుపుతుంది, మనకు మిగిలేది మసక గీతలే. మూడోది కంకి నడిమి భాగానిది, వీలైనంత దగ్గరగా, ముఖం వైపు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి తీయాలి. ఈ దగ్గరి ఫోటో తీసేటప్పుడు కంకి మెడను ఒక చేత్తో, కొసను ఇంకొక చేత్తో పట్టుకుని విల్లులా కొద్దిగా వంచమని, కెమెరాను ఇంకొకరికి అప్పగించమని చెబుతాను. అలా వంచినప్పుడు వెలుపలి వంపు మీద చిరుకంకులు ఒకదాని నుంచి ఒకటి విడిపోయి, వాటి అడుగున దాగిన గ్లూమ్‌లు బయటపడతాయి. నాలుగోది ఆకు కాండాన్ని చుట్టుకుని విడిపోయే చోటిది. దాని అవసరం ఎప్పుడు పడుతుందో తరువాత చెబుతాను.

ఎంత దగ్గరగా తీయాలన్న ప్రశ్నకు ఒక చిన్న లెక్క ఉంది. బార్లీ గ్లూమ్ వెడల్పు సుమారు 1 మి.మీ. మాత్రమే, గోధుమ గ్లూమ్ దానికి మూడు నాలుగింతలు ఉంటుంది. 9 సెం.మీ. కంకి ఫోటోలో నిలువునా 2,700 పిక్సెళ్లు ఆక్రమిస్తే ఒక్కో మిల్లీమీటరుకు 30 పిక్సెళ్లు దక్కుతాయి, అప్పుడు రెండు రకాల గ్లూమ్‌లకూ తేడా స్పష్టంగా కనబడుతుంది. అదే కంకి 270 పిక్సెళ్లలో సర్దుకుంటే మిల్లీమీటరుకు మూడే పిక్సెళ్లు మిగులుతాయి కనుక ఎంత పెద్దది చేసి చూసినా లాభం లేదు. మెసేజింగ్ యాప్‌ల ద్వారా పంపిన ఫోటోలు దారిలోనే కుదించుకుపోతాయి, కాబట్టి అసలు ఫైలునే తెప్పించుకోవాలి. ఎర్రటి ఎండలో శూకాలు తెల్లగా కాలిపోయినట్టు పడతాయి. మీ నీడ కంకి మీద పడేలా నిలబడితే ఆ ఇబ్బంది చాలావరకు తీరుతుంది.

మొదటి మెట్టు: కంకి కొమ్మలు వేసిందా?

ఈ ప్రశ్నతోనే ఓట్స్ విడిపోతుంది. గోధుమ, బార్లీ కంకులలో చిరుకంకులు నడిమి కాడకు నేరుగా అతుక్కుని ఉంటాయి, మధ్యలో తొడిమ కనిపించదు. ఓట్స్‌లో నడిమి కాడ నుంచి సన్నని కొమ్మలు విడివిడిగా చీలి, ఒక్కో కొమ్మ కొసన చిరుకంకులు జుంకాల్లా కిందికి వేలాడుతుంటాయి. వరి కంకిని చూసిన కంటికి ఈ ఏర్పాటు కొత్తగా అనిపించదు. ఓట్స్ చిరుకంకిలో మనకు కనిపించేది ప్రధానంగా గ్లూమ్‌లే. అవి రెండు సెంటీమీటర్లకు పైగా పొడవుండి, కాగితంలా పలుచగా, నిలువు ఈనెలతో, లోపలి పువ్వులను పూర్తిగా కప్పేస్తాయి. గోధుమలో అందుకు భిన్నంగా పువ్వులు గ్లూమ్‌లను దాటి బయటికి తొంగిచూస్తాయి.

ఇంత తేలికైన మెట్టులో కూడా రెండు చోట్ల కాలు జారుతుంది. ఓట్స్ కంకి ఒర నుంచి సగం మాత్రమే వచ్చినప్పుడు కొమ్మలు ఇంకా దగ్గరికి ముడుచుకుని ఉండి, దూరం నుంచి సన్నని గోధుమ కంకిలా కనబడతాయి. కొమ్మలన్నీ ఒకే పక్కకు వాలి ఉండే ఓట్స్ రకాలు కూడా ఉన్నాయి, అవి పూర్తిగా ఈనిన తరువాత కూడా జెండాలా ఒక వైపే ఉండి అనుమానం పుట్టిస్తాయి. రెండు సందర్భాలలోనూ కంకి అడుగు భాగాన్ని పెద్దది చేసి, చిరుకంకి కింద వెంట్రుకంత తొడిమ ఉందేమో వెతకాలి. తొడిమ కనిపిస్తే గోధుమ, బార్లీ రెండూ పక్కకు పోయినట్టే.

ఇంకొకటి కూడా ఇక్కడే చెప్పాలి. ఫోటోలో ఓట్స్ కంకులు కనబడినంత మాత్రాన ఆ పొలం ఓట్స్ పొలం కాదు. గోధుమ, బార్లీ పైర్లలో అడవి ఓట్స్ పేరుమోసిన కలుపు. అది పైరు తలలకు పైన ఒక అంతస్తు ఎత్తున వేలాడుతూ, గట్టు నుంచి తీసిన ఫోటోలో ముందుగా కంట పడుతుంది. దాని శూకం ముదురు గోధుమరంగులో, అడుగున మెలి తిరిగి, మధ్యలో మోకాలిలా వంగి ఉంటుంది, ఒక్కో చిరుకంకికి అలాంటివి సాధారణంగా రెండు మూడు ఉంటాయి. సాగులోని ఓట్స్‌లో శూకం ఉండకపోవడమే ఎక్కువ, ఉన్నా చిరుకంకికి ఒకటి, అదీ సన్నగా, దాదాపు నిటారుగా ఉంటుంది. కాబట్టి వేలాడే కంకులు కనిపిస్తే వాటి కింది అంతస్తులో, సాళ్లలో ఏముందో చూడకుండా పేరు రాయకూడదు.

రెండో మెట్టు: ఒక్కో కణుపు మీద ఎన్ని చిరుకంకులు?

గోధుమకూ బార్లీకీ మధ్య అసలు హద్దు ఇదే. ఇక్కడ తొందరపడకూడదు.

గోధుమలో నడిమి కాడ మీది ప్రతి కణుపుకూ ఒకే ఒక చిరుకంకి ఉంటుంది, అవి కుడి ఎడమలుగా మారుతూ పైకి పోతాయి. ఆ ఒక్క చిరుకంకిలోనే మూడు నుంచి అయిదు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ పువ్వులు విసనకర్రలా విచ్చుకుని ఉంటాయి. ఈ మొత్తం విసనకర్రకు అడుగున వెడల్పాటి పడవ ఆకారపు గ్లూమ్‌లు రెండు కాపలా ఉంటాయి, వాటి వీపు మీద నిలువుగా ఒక గట్టు తేలి ఉంటుంది. పక్క నుంచి చూస్తే కంకి రెండు వరుసల జడలా అల్లినట్టుగా ఉంటుంది.

బార్లీలో ప్రతి కణుపుకూ మూడు చిరుకంకులు పక్కపక్కన కూర్చుంటాయి, ఒక్కోదానిలో ఒకే పువ్వు ఉంటుంది. మూడూ గింజ కడితే దానిని ఆరు వరుసల బార్లీ అంటారు, కంకిని పై నుంచి చూస్తే ఆరు వరుసలుగా, కంకి వదులుగా ఉంటే నాలుగు పలకలుగా కనిపిస్తుంది. నడిమిది మాత్రమే గింజ కట్టి, పక్కల రెండూ పలుచని పచ్చరేకుల్లా గొడ్డుపోతే దానిని రెండు వరుసల బార్లీ అంటారు. రెండు వరుసల కంకి బల్లపరుపుగా ఉంటుంది. ముఖం వైపు చూస్తే వెడల్పుగా, పక్కకు తిప్పితే కొలబద్ద అంచులా సన్నగా కనిపిస్తుంది. గోధుమ కంకిని అలా ఎటు తిప్పినా దాని లావు ఇంతగా తగ్గదు. అందుకే ముఖం, పక్క రెండు ఫోటోలూ ఉండాలని పైన అడిగాను.

ఆరు వరుసల బార్లీకీ, శూకాలున్న గోధుమకూ మధ్యనే నిజమైన తికమక వస్తుంది. దాని కారణం కొంచెం ఆలోచించదగ్గది. శూకాలున్న గోధుమలో ఒక చిరుకంకి నుంచి రెండు పొడవాటి శూకాలు, తరచుగా వాటి వెంట పొట్టిగా మూడోది వస్తాయి. ఆరు వరుసల బార్లీలో ఒక కణుపు నుంచి మూడు శూకాలు వస్తాయి. అంటే ఒక మెట్టు దగ్గర మూడు శూకాలు లెక్కపెట్టినంత మాత్రాన ఏమీ తేలదు. అడగవలసిన ప్రశ్న వేరు: ఆ మూడింటికీ కలిపి అడుగున ఒకే జత వెడల్పాటి గ్లూమ్‌లు ఉన్నాయా, లేక ఒక్కోదానికి విడిగా సూదుల్లాంటి ఒక్కో జత ఉందా? మొదటిది గోధుమ, రెండోది బార్లీ. బార్లీ గ్లూమ్‌లు ఎంత సన్నగా ఉంటాయంటే, తెలియని కంటికి అవి రేకుల్లా కాక గింజ పక్కన నిలబడిన చిట్టి ముళ్లలా తోస్తాయి, కొసన వాటికి కూడా పోగులాంటి శూకం ఉంటుంది. వంచిన కంకి ఫోటోలో ఈ ముళ్లు కనిపిస్తే సందేహం పూర్తిగా తొలగిపోతుంది.

కంకి కొసను కూడా ఒకసారి చూడాలి. గోధుమ కంకి కొసన ఒక చిరుకంకి మిగిలినవాటికి అడ్డంగా తిరిగి మూతలా కూర్చుంటుంది, దానితో కంకి ముగుస్తుంది. బార్లీకి అలాంటి ముగింపు చిరుకంకి ఉండదు, కొసకు పోనుపోనూ చిరుకంకులు చిన్నవై, ఎదగక, అలా సన్నబడి ఆగిపోతాయి. అడుగు భాగం మసకగా పడిన ఫోటోలలో ఈ కొస ఆనవాలే చాలాసార్లు నన్ను ఆదుకుంది.

మూడో మెట్టు: శూకం ఏం చెబుతుంది?

శూకం పొడవు కంటే దాని మొదలే ఎక్కువ చెబుతుంది. బార్లీలో గింజను కప్పిన పొట్టు క్రమంగా సన్నబడుతూ, ఎక్కడ పొట్టు ఆగిందో ఎక్కడ శూకం మొదలైందో తెలియకుండా, చదునైన బలమైన శూకంగా సాగిపోతుంది. గోధుమలో పొట్టు కొస వరకు వచ్చి ముగిసి, అక్కడి నుంచి దానికంటే బాగా సన్నని శూకం లేచినట్టు ఉంటుంది. దగ్గరి ఫోటోలో ఈ తేడా తెలుస్తుంది, దూరపు ఫోటోలో తెలియదు.

దిక్కు రెండో సాక్షి. రెండు వరుసల బార్లీ శూకాలు కంకికి సమాంతరంగా, దువ్విన జుట్టులా ఒకే దిశలో పైకి పోతాయి, కంకి కొసను దాటి ఇంకా కంకి అంత పొడవు ముందుకు ఉండవచ్చు. మామూలు రొట్టె గోధుమ శూకాలు వాటికంటే పొట్టిగా, పక్కలకు విచ్చుకుని ఉంటాయి. గాలికి బార్లీ పొలం పట్టులా మెరుస్తూ అలలు తేలడానికి ఈ సమాంతర శూకాలే కారణం, నడుము ఎత్తు నుంచి తీసిన మొదటి ఫోటో ఉపయోగం ఈ అలను పట్టుకోవడమే. కానీ దీనిని సూచనగా మాత్రమే తీసుకోవాలి, రుజువుగా కాదు. ఆరు వరుసల బార్లీ శూకాలు చీపురులా విచ్చుకోవచ్చు. డ్యూరం గోధుమ శూకాలు బార్లీవాటికి దీటుగా సమాంతరంగా నిలబడవచ్చు. రంగు మీద ఇంకా తక్కువ నమ్మకం పెట్టుకోవాలి, ఎందుకంటే నల్ల శూకాలు డ్యూరంలోనూ ఉన్నాయి, బార్లీలోనూ ఉన్నాయి.

శూకాలే లేని కంకి కనిపిస్తే, అది గోధుమ కావడానికే అవకాశం ఎక్కువ. అలాంటి గోధుమలో కంకి కొస దగ్గర ఒకటి రెండు సెంటీమీటర్ల పొట్టి శూకాలు కొన్ని ఉండడం మామూలే. అయితే ముసుగు బార్లీలో శూకం స్థానంలో గింజ కొసన మూడు పాయల మడత ఉంటుంది, దానిని చూసి శూకాలు లేని గోధుమ అనుకోవడం సులభం. మళ్లీ రెండో మెట్టుకు వెళ్లి కణుపుకు ఎన్ని చిరుకంకులో చూడడమే దీనికి మందు.

తోడు సాక్ష్యాలు

కంకి ఫోటో పూర్తిగా తేల్చలేనప్పుడు రెండు విషయాలు తోడ్పడతాయి. ఒకటి పుప్పొడి తిత్తులు. గోధుమ కంకి వెలువడిన కొద్ది రోజులకు పసుపు రంగు తిత్తులు కంకి నిండా బయటికి వేలాడి, తరువాత తెల్లబడి కొంతకాలం అలాగే అంటుకుని ఉంటాయి. బార్లీ, అందులోనూ రెండు వరుసలది, తరచుగా కంకి ఒర దాటకముందే లోలోపల పూత ముగించేస్తుంది గనుక తిత్తులు పెద్దగా బయటపడవు. కాబట్టి కంకి పొడవునా తిత్తులు వేలాడుతుంటే గోధుమ వైపు మొగ్గవచ్చు. అవి లేకపోవడం మాత్రం దేనికీ రుజువు కాదు, పూత ఇంకా రాలేదేమో, రాలిపోయిందేమో.

రెండోది నాలుగో ఫోటోలోని ఆకు మొదలు. ఆకు ఒర నుంచి విడివడే చోట కాండాన్ని కౌగిలించుకునే చిన్న చెవులు ఉంటాయి. బార్లీలో ఆ చెవులు పొడవుగా, నున్నగా, ఒకదాని మీదికి ఒకటి వచ్చేంతగా ఉంటాయి. గోధుమలో అవి పొట్టిగా, అంచున వెంట్రుకలతో ఉంటాయి. ఓట్స్‌లో చెవులే ఉండవు, లోపలి వైపు నాలుకలాంటి తెల్లని పొర మాత్రం పెద్దగా ఉంటుంది. కంకి ఇంకా ఒరలోనే ఉన్న ఫోటోలకు ఇదొక్కటే దిక్కు. ముదిరిన ఆకులలో చెవులు ఎండి రాలిపోతాయి కాబట్టి, పై నుంచి రెండో మూడో ఆకును ఎంచుకోవాలి.

ఒక ఉదాహరణ, మొదటి నుంచి చివరి దాకా

బార్లీ అని పేరు రాసి నాకు పంపిన ఒక ఫోటోల జతను ఇక్కడ విప్పి చూపిస్తాను. మొదటి ఫోటోలో పైరు లేత ఆకుపచ్చగా, గాలికి ఒకే వైపు వాలిన శూకాలతో మెరుస్తోంది. ఎవరైనా బార్లీ అనే అంటారు, నాకూ మొదట అలాగే తోచింది. రెండో ఫోటోలో ఒక కంకి అరచేతి మీద ఉంది. వేలి వెడల్పుతో పోల్చి చూస్తే కంకి సుమారు 7 సెం.మీ., శూకాలు దాని కొసను దాటి మరో 10 సెం.మీ. పైగా పోయాయి, మొదళ్లలో కొంచెం నలుపు తిరిగాయి. కొమ్మలూ తొడిమలూ లేవు కనుక ఓట్స్ ప్రశ్న లేదు.

మూడో ఫోటో కంకిని పక్క నుంచి తీసినది. కొంత మసకగా ఉన్నా కంకి 2,000 పిక్సెళ్ల ఎత్తు ఉంది, అంటే మిల్లీమీటరుకు 28 పిక్సెళ్ల పైమాటే, చూడడానికి సరిపోతుంది. ఒక వైపు కణుపులను కింద నుంచి లెక్కపెట్టుకుంటూ వెళితే ఒక్కో మెట్టు మీద ఒక్కో విసనకర్రే ఉంది. అయిదో మెట్టు దగ్గర శూకాల నీడ పడక స్పష్టంగా ఉండడంతో అక్కడ ఆగాను. ఆ విసనకర్ర నుంచి రెండు పొడవాటి శూకాలు, ఒక పొట్టి శూకం లేచాయి. వాటి అడుగున కనిపిస్తున్న రేకు సుమారు 100 పిక్సెళ్ల వెడల్పు ఉంది, అంటే మూడున్నర మిల్లీమీటర్లు. బార్లీ గ్లూమ్ అయితే అది 30 పిక్సెళ్ల దగ్గర ఉండాలి. పైగా రేకు వీపు మీద గట్టు మొదలు నుంచి కొస దాకా కత్తి అంచులా తేలి ఉంది. అక్కడితో బార్లీ కొట్టుకుపోయింది.

తీర్పును సరిచూసుకోవడానికి రెండో ఫోటోకు వెనక్కి వెళ్లి కంకి కొసను పెద్దది చేశాను. శూకాల గుబురు మధ్య కూడా చివరి చిరుకంకి అడ్డంగా తిరిగి వెడల్పాటి ముఖం చూపుతోంది. కంకి నడిమి భాగంలో రెండు మూడు పసుపు తిత్తులు వేలాడుతున్నాయి. ఇది గోధుమ అనడంలో అనుమానం మిగలలేదు. ఏ గోధుమ అన్నది రెండో ప్రశ్న. పొట్టిగా బిగుతుగా ఉన్న కంకి, కంకిని మించిన సమాంతర శూకాలు, గ్లూమ్ పొడవునా తేలిన గట్టు, మూడూ డ్యూరం వైపే చూపుతున్నాయి. రొట్టె గోధుమలో ఆ గట్టు సాధారణంగా పై సగంలోనే బాగా తేలుతుంది. అయినా ఒక్క కంకి ఫోటోతో డ్యూరం అని ఖాయంగా రాయకుండా, "గోధుమ, డ్యూరం కావచ్చు" అని రాశాను.

ఆ జతలోనే నాలుగో ఫోటో ఒకటి గట్టు పక్కన తీసినది ఉంది. అందులోని కంకి మాత్రం నిజంగానే ఆరు వరుసల బార్లీ: ఒక్కో కణుపుకు మూడు గింజలు, వాటి మధ్య సూదుల్లాంటి గ్లూమ్‌లు, సన్నబడి ఆగిన కొస. వెనుకటి పంట గింజ రాలి మొలిచిన మొక్క అయి ఉండాలి. పేరు రాసినవారు ఈ కంకిని దగ్గరగా చూసి, దూరపు ఫోటోలోని మెరుపుతో జత చేసుకున్నారని అర్థమయింది. వారి చూపులో తప్పు లేదు, చూసిన కంకి పొలానిది కాదు.

జాబితాలో లేని అతిథులు

ట్రిటికేల్, రై అనే రెండు పైర్లు కూడా ఈ ఫోటోల మధ్యకు వచ్చి కూర్చుంటాయి. రెండిటికీ శూకాలుంటాయి, రెండిటిలోనూ కణుపుకు ఒకే చిరుకంకి ఉంటుంది కనుక రెండో మెట్టులో అవి గోధుమ వైపు వచ్చేస్తాయి. రై కంకి పొడవుగా సన్నగా ఉంటుంది, చిరుకంకిలో రెండే గింజలు కడతాయి, గ్లూమ్‌లు ఇరుకుగా ఉంటాయి, పొట్టు వీపు మీద దువ్వెన పళ్లలా వెంట్రుకలు ఉంటాయి. ట్రిటికేల్ గోధుమకూ రైకీ పుట్టిన సంకరం, కంకి రెండిటి మధ్యగా ఉంటుంది. కంకికి సరిగ్గా కింద మెడ మీద నూగు వెంట్రుకలు కనబడితే ఈ రెండింటిలో ఒకటి కావచ్చని అనుమానించాలి. గోధుమ మెడ సాధారణంగా నున్నగా ఉంటుంది. అందుకే రెండో ఫోటో తీసేటప్పుడు కంకి కింద నాలుగు వేళ్ల మేర కాడ కూడా చట్రంలో ఉండేలా చూసుకోవాలి.

ఎలా రాసి పెట్టాలి

ఒకే పొలంలో దూరదూరంగా మూడు చోట్ల తీసిన కంకులు ఒకే జవాబు ఇస్తేనే పొలానికి పేరు రాయాలి. రెండు గోధుమ, ఒకటి బార్లీ వస్తే మరో రెండు చోట్ల చూడాలి. పశువుల మేత కోసం రెండు మూడు ధాన్యాలను కావాలనే కలిపి విత్తే పొలాలూ ఉంటాయి, అప్పుడు "మిశ్రమం" అన్నదే సరైన పేరు. పేరు పక్కన ఏ ఆనవాలు చూసి నిర్ణయించారో ఒక్క ముక్క రాయడం అలవాటు చేసుకోవాలి: "కణుపుకు మూడు, గ్లూమ్ సూదిలా" అని ఉంటే తరువాత చూసేవారు అదే చోటును పెద్దది చేసి సరిచూడగలరు, "పొడుగు శూకాలు" అని మాత్రమే ఉంటే ఆ ఫోటోను మళ్లీ మొదటి నుంచి చదవవలసిందే. గ్లూమ్‌లు గాని, కణుపులు గాని కనిపించని దూరపు ఫోటోకు "గోధుమ లేదా బార్లీ" అని రాసి, దగ్గరి ఫోటో కోసం తిరిగి పంపాలి.